పోటు నిలిచిన గడియ

పద్యకథల పోటీకి నేను మొదట రాసుకున్న చరణం ఇది. ముసలి పడవవాడు, రేపు తెరవబోయే వంతెన, ఈరోజు ఆఖరి దాటింపు. ఇంత మంచి కథావస్తువు దొరికిందన్న ఉత్సాహంలో ఒక్క కూర్చోటులో రాసేశాను.

వృద్ధ నావికు గుండె పగిలెను,
కొత్త వంతెన శాపమాయెను,
కంటి నీరే గంగ పొంగెను
ఏటి యొడిలో.

ఛందస్సులో తప్పు లేదు. మాత్రలు లెక్క పెట్టి చూసుకున్నాను, ఎక్కడా ఒక్కటి కూడా తేడా రాలేదు. కానీ మర్నాడు చదువుకుంటే ఈ నాలుగు పాదాల్లో ఏమీ జరగలేదని అర్థమైంది. గుండె పగిలిందన్నాను, ఎలా పగిలిందో ఎవరికీ కనపడదు. గంగ అన్నాను, నేను రాస్తున్నది గౌతమి గురించి. ఇది ఏ నది మీది ఏ ముసలివాడికైనా అతికిపోతుంది. అలా అందరికీ అతికేది కథ కాదు.

కథాగేయానికీ భావగీతానికీ తేడా ఇక్కడే ఉంది. భావగీతం ఒక మనఃస్థితి దగ్గర ఆగవచ్చు. కథాగేయంలో మొదటి చరణంలో ఉన్న పరిస్థితి చివరి చరణానికి మారిపోవాలి, ఆ మార్పు పాఠకుడి కళ్ళెదుట జరగాలి. గురజాడ 1910లో ముత్యాల సరాలు మొదలుపెట్టి, తరువాత ‘కన్యక’, ‘పూర్ణమ్మ’ రాసినప్పుడు తెలుగులో గేయం కథ మోయగలదని తేలింది. ఆ మోత బరువు ఎంతో నాకు ఆ మర్నాడు తెలిసింది. అందుకని చరణాన్ని పక్కన పెట్టి ఏటికి వెళ్ళాను.

ఎదుర్లంకకీ యానాంకీ మధ్య ఇప్పుడు పడవ దాటింపు లేదు. గౌతమి మీద ఆ రెండు ఊళ్ళనీ కలిపే వంతెన ఈ శతాబ్దం తొలి ఏళ్ళలో వచ్చింది, లోక్‌సభ స్పీకరుగా ఉండగా 2002 మార్చిలో హెలికాప్టరు ప్రమాదంలో పోయిన బాలయోగి గారి పేరు దానికి పెట్టారు. నా పద్యం ఆ వంతెన తెరవబోయే ముందు రోజుది. అప్పటి రేవు నాకు కావాలి, అది లేదు. దానితో పోల్చదగినది పైన కోటిపల్లి రేవు. అక్కడ ముక్తేశ్వరం వైపు పంటు నడుస్తుంది. రెండు పడవల మీద బల్లలు పరిచి కట్టిన వేదికనే మా వైపు పంటు అంటారు. మనుషులు, మోటారు సైకిళ్ళు, గడ్డిమోపులు అన్నీ ఒకే పంటు మీద దాటతాయి.

అక్కడ ఒక ముసలి సరంగు పక్కన రెండు పూటలు కూర్చున్నాను. వంతెన గురించి అడిగితే పెద్దగా మాట్లాడలేదు. ఏటి గురించి అడిగితే ఆగలేదు. “పోటు ఎప్పుడు నిలుస్తుందో మీకు ఎలా తెలుస్తుందండీ?” అని అడిగాను. ఆయన చెయ్యెత్తి లంగరేసి ఉన్న పడవ ఒకటి చూపించాడు. “ఆ తాడు చూడండి బాబూ. ఇందాక బిగదీసుకుని ఉంది. ఇప్పుడు చూడండి, సడలింది. ఏరు నిలబడిపోయిందన్నమాట.”

నా పద్యం ఆ తాడు దగ్గర మొదలైంది.

సముద్రానికి దగ్గరగా ఉన్న ఏరు ఒకే వైపు పారదు. పోటు వచ్చినప్పుడు సముద్రం నీరు లోపలికి తోసుకొస్తుంది, ఏరు ఎగువకు నడుస్తుంది. పాటు తీసినప్పుడు మళ్ళీ దిగువకు జారిపోతుంది. ఒక పోటు నుంచి మరో పోటుకి దాదాపు పన్నెండు గంటల ఇరవై అయిదు నిమిషాలు. రెండు పోట్లు కలిస్తే రోజు కన్నా సుమారు యాభై నిమిషాలు ఎక్కువ. అందుకే ఈరోజు పొద్దున్న ఆరూ నలభైకి నిలిచిన పోటు రేపు ఏడున్నర ప్రాంతంలో నిలుస్తుంది. ఆ రెంటికీ నడుమ, ఏరు ఒక దిక్కు నుంచి మరో దిక్కుకు తిరిగేటప్పుడు, కాసేపు ఎటూ కదలదు. గుర్రపుడెక్క తేలుతున్నచోటే తేలుతుంది. తాళ్ళు సడలుతాయి. నీటిమట్టం పెరగడం ఆగిన క్షణమే ప్రవాహమూ ఆగుతుందని లేదు, చాలాసార్లు కొంచెం వెనకాముందుగా ఉంటుంది. అందుకే గట్టు మీది తడిమరక చూసి చెప్పేవాడి కన్నా తాడు చూసి చెప్పేవాడి మాటకి విలువ ఎక్కువ.

ఇది పద్యానికి ఎందుకంటే, కథలో నాకు ఒక ముఖ్యమైన ఘట్టం కావాలి. ముసలివాడు నడి ఏట్లో ఇంజను ఆపి తెడ్డు అందుకోవాలి. వంతెన వచ్చేనాటికి రేవుల్లో డీజిలు ఇంజన్లు వేసిన పడవలే ఎక్కువ. దాన్ని దాచి తెరచాపలూ తెడ్లూ మాత్రమే చూపిస్తే పద్యం అందంగా ఉంటుంది గానీ అబద్ధం అవుతుంది. ఇంజను ఉండాలి. ఆ ఇంజను ఆగాలి. డెబ్బై దాటిన మనిషి నడి ఏట్లో ఇంజను ఆపితే ఏమవుతుంది?

లెక్క వేసి చూద్దాం. తెడ్డు వేసే పడవ సెకనుకి ఒక మీటరు పోతుందనుకోండి. పాటు లాగుతున్న ఏరు సెకనుకి అర మీటరు నడుస్తోందనుకోండి. ఎదురుగా ఆరువందల మీటర్లు మిగిలి ఉంటే దాటడానికి ఆరువందల సెకన్లు, అంటే పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో ఏరు పడవని మూడువందల మీటర్లు సముద్రం వైపు లాక్కుపోతుంది. అవతలి రేవు అల్లంత ఎగువన ఉండిపోతుంది. పడవ నడిపేవాళ్ళు దీన్ని తప్పించుకోవడానికి ముందే గట్టు వెంబడి ఎగువకు పోయి అక్కడి నుంచి ఏటవాలుగా వదులుతారు, లేదా మొనని ఎగువకు తిప్పి ఉంచుతారు. పాటు మధ్యలో ఇంజను ఆపిన ముసలివాడు మొనగాడు కాదు, మతిలేనివాడు. రేవులో ఉన్నవాళ్ళు కేకలు వేస్తారు. పోటు నిలిచిన వేళ ఆపితే మాత్రం పడవ ఆగినచోటే ఆగుతుంది. నెమ్మదిగా తెడ్డు వేసుకుని తిన్నగా పోవచ్చు. ఏరే అతనికి ఆ కాసేపూ ఇస్తుంది.

ఆ గడియ చుట్టూ కథ కట్టాను. వంతెన ప్రారంభానికి గోడగడియారం ప్రకారం ముహూర్తం పెడతారు. పడవకి ముహూర్తం పెట్టేది ఏరు. ఈ రెండు కాలాల మధ్య ఒక మనిషి కూర్చున్నాడు. ఈ మాటని పద్యంలో ఎక్కడా పైకి అనలేదు. అంటే మళ్ళీ ఆ మొదటి చరణం లాగే తయారయ్యేది. తాడు సడలడం చూపిస్తే చాలు. ఇంకో జాగ్రత్త కూడా పడ్డాను. వానాకాలంలో ఎర్రనీరు దిగినప్పుడు పోటు ఏటిని నిలబెట్టలేదు, వరద బలం ముందు సముద్రం తోపు చాలదు. కాబట్టి నా కథ మాఘంలో జరగాలి. మాఘం పెట్టగానే పెళ్ళిళ్ళు గుర్తొచ్చాయి. అక్కడే కథ దొరికింది.

యానాం 1954 దాకా ఫ్రెంచి వాళ్ళ ఏలుబడిలో ఉంది. చుట్టూ బ్రిటిషు ఇండియా, మధ్యలో ఈ చిన్న ఊరు. 1929లో శారదా చట్టం వచ్చి, 1930 ఏప్రిల్ నుంచి బ్రిటిషు ఇండియాలో పద్నాలుగేళ్ళ లోపు ఆడపిల్లకి పెళ్ళి చెయ్యడం నేరమైంది. యానాంలో ఆ చట్టం చెల్లదు. ఇవతలి వాళ్ళు పెళ్ళి బృందాలతో సహా యానాం వెళ్ళి, అక్కడ మూడుముళ్ళు వేయించి తిరిగొచ్చేవారు. ఎన్ని పెళ్ళిళ్ళంటే, ఆ ఊరికి కళ్యాణపురం అన్న పేరు పడింది. కోనసీమ వైపు నుంచి వెళ్ళేవాళ్ళకి దారి ఏరే. అంటే చట్టం ఆ గట్టున ఆగింది. పడవ ఆగలేదు.

వంతెన రోజు నాటికి డెబ్బై రెండేళ్ళున్న పడవవాడు 1940లో పదేళ్ళ కుర్రాడు. తండ్రి పడవ నడుపుతుంటే అడుగున ఊరిన నీళ్ళు తోడి పోస్తూ ఉండి ఉంటాడు. ఒక మాఘంలో ఆ పడవ ఎక్కిన పెళ్ళికూతురికి ఎనిమిదేళ్ళు. ఇప్పుడామెకి డెబ్బై. ఆఖరి దాటింపులో ఆమె ఎక్కింది. ఈ కథలో మనుషులు నేను కల్పించినవాళ్ళు, ఏరూ చట్టమూ కావు.

దీనితో నా పాత ముగింపు కూడా పోయింది. మొదట ముసలివాడిని ఏట్లో దూకించాలనుకున్నాను. పోటీలకి వచ్చే పడవవాళ్ళలో చాలామంది చివరికి దూకేస్తారు, లేదా పడవలోనే కళ్ళు మూస్తారు. రాసేవాడికి ముగింపు తోచనప్పుడు పాత్ర చచ్చిపోతుంది. పూర్ణమ్మ నీళ్ళలో కలిసిపోయిందంటే దానికి ముందు గురజాడ ఆ పిల్లకి వేరే దారులన్నీ మూసుకుపోవడం చూపించాడు. నా ముసలివాడికి చావాల్సిన అవసరం లేదు. మనవరాలు రేపటి నుంచి బస్సులో కాలేజీకి పోతుంది, అది అతనికి సంతోషమే. రాత్రిపూట పురిటినొప్పులు మొదలైన ఆడమనిషిని గట్టున పెట్టుకుని తెల్లవారేదాకా కూర్చున్న రోజులు అతనికి తెలుసు. వంతెనని ఎవరికన్నా ఎక్కువ కోరుకునేది పడవవాడే కావచ్చు. వంతెనని శాపం అనడం రాసేవాడి సౌకర్యం, అంతే.

ఇక నడక. ముత్యాల సరం ఎందుకంటే, దాని లెక్క సులభం, గొంతు సహజం. చరణానికి నాలుగు పాదాలు. మొదటి మూడు పాదాల్లో పద్నాలుగేసి మాత్రలు, మూడూ నాలుగూ మూడూ నాలుగూగా విరుగుతాయి. నాలుగో పాదం ఏడు మాత్రల నుంచి పద్నాలుగు దాకా ఎంతైనా ఉండవచ్చు. పొట్టి అక్షరానికి ఒక మాత్ర. దీర్ఘానికి, సున్నా ఉన్నదానికి, ఒత్తు ముందున్నదానికి రెండు. ‘రేవు’ మూడు, ‘మెట్టున’ నాలుగు. వేలితో బల్ల మీద తట్టి చూడండి, కుంటితే వెంటనే తెలిసిపోతుంది. యతిప్రాసల నిర్బంధం లేదు, కాబట్టి మాట కోసం మాటని వంచక్కర్లేదు.

నాకు ఇంకో కారణం కూడా ఉంది. లోతు తక్కువైన చోట పడవని గెడతో తోస్తారు. గెడ నీళ్ళలో దిగేది ఒక్క క్షణం, భుజం ఆనించి తోస్తూ వెనక్కి నడిచేది ఇంకొంచెం ఎక్కువసేపు. పొట్టి విరుపు, పొడుగు విరుపు. మూడు, నాలుగు. కోటిపల్లిలో గట్టు వెంబడి ఒక చిన్న పడవ అలా పోతుంటే చూస్తూ వేళ్ళు తట్టుకున్నాను, సరిపోయింది. అంతే కాదు, ‘ఎదుర్లంకకు’ అన్న మాట తనంతట తనే మూడు, నాలుగుగా విరుగుతుంది: ఎదుర్, లంకకు. ఊరి పేరు ఛందంలో ఇమిడిందంటే సగం బెంగ తీరినట్టే. ఇమడని పేరుని నరికి, సాగదీసి పెట్టిన పాదం చదివేవాడి నాలుకకి తగులుతూనే ఉంటుంది.

పోటీకి నూట ఇరవై పాదాలు మించకూడదన్నారు. అంటే ముప్ఫై చరణాలు. గట్టు మీద ఎదురుచూపుకి అయిదు, జనం ఎక్కడానికి నాలుగు, ఇంజను నడకకి నాలుగు, పాత పెళ్ళికి ఆరు, నడి ఏటి నిశ్శబ్దానికి అయిదు, ఒడ్డు చేరడానికి నాలుగు, చివరికి రెండు. ఈ పంపకం రాయకముందు వేసుకున్నాను. లేకపోతే ఎదురుచూపే పదిహేను చరణాలు మింగేది, సూర్యోదయం వర్ణన మొదలుపెడితే ఎవరికీ ఆపబుద్ధి కాదు. కాలం విషయంలో ఇంకో నియమం పెట్టుకున్నాను. ఒక్క దాటింపు దాటి కథ బయటికి పోకూడదు. ముసలివాడి జీవితమంతా పుట్టుక నుంచి చెప్పుకు రాకూడదు. ఏది చెప్పినా పడవలో ఉన్న ఒక వస్తువో, ఒక మనిషో గుర్తు చెయ్యాలి.

తిరగరాసిన మొదటి చరణం ఇలా వచ్చింది.

పోటు నిలిచెను, నీరు కదలదు;
పాటుకింకా గడియ గలదని
రేవు మెట్టున తాత కూర్చొని
ఏరు చూచెను.

గుండె మాట లేదు, కన్నీరు లేదు. కానీ అతనికి తెలిసిన విద్య ఉంది, చేతిలో ఎంత కాలం ఉందో ఉంది. గడియ అంటే ఇరవై నాలుగు నిమిషాలు. కథకి గడువు పడింది. ఇక చదివేవాడు లోలోపల ఆ గడియని లెక్క పెడుతూనే ఉంటాడు. చివరి పాదం ఏడు మాత్రలకే తెగిపోవడం నాకు ఇక్కడ బాగా పనికొచ్చింది. మొదటి మూడు పాదాల ఊపుకి చెవి ఇంకా ఏదో వస్తుందనుకుంటుంది, రాదు. ఆ ఖాళీలో ముసలివాడు ఏటిని చూస్తున్నాడు.

పడవ కదిలింది. ఇంజను మోతలో ఎవరి మాటా ఎవరికీ వినపడదు. మామ్మ కొంగు నెత్తి మీదికి లాక్కుని అంచున కూర్చుంది. ఆమె ఆ అంచుని చేత్తో తడిమింది. ఆ తడమడం దగ్గర పద్యం వెనక్కి పోవాలి. ‘అరవై ఏళ్ళ కిందట’ అని రాస్తే సరిపోయేదే, కానీ నాకు నడక మార్చాలనిపించింది. పెళ్ళి బృందం కదా, బాజాలున్నాయి. నాలుగేసి మాత్రల నడక పెళ్ళివారి చప్పట్లకి, తాళానికి దగ్గరగా ఉంటుంది. ‘పూర్ణమ్మ’ నడక కూడా నాలుగు మాత్రలదే, అది నా చెవిలో ఉండి ఉంటుంది. అందుకని ఆ ఆరు చరణాలూ పాదానికి పదహారు మాత్రలుగా రాశాను.

ఎనిమిదియేండ్లది, ఎర్రని చీరది,
నాయన భుజమున తలవాల్చినదే;
బాజాలన్నీ పడవెక్కినవీ,
బాలిక మాత్రం నిదరోతున్నది.

దీన్ని రాసేటప్పుడు ఎన్నోసార్లు ‘పాపం’ అన్న మాట వచ్చింది. మూడు మాత్రల మాటకి చివర సున్నా చేరి నాలుగవుతుంది, ఎక్కడ పెట్టినా కూర్చుంటుంది. అలా కూర్చునే మాటలే ప్రమాదం. గదా, అంట, అయ్యో, పాపం. లెక్క తక్కువైన చోట వీటితో పూడ్చేసుకుంటూ పోతే పద్యం గతుకులు పూడ్చిన రోడ్డులా ఉంటుంది. ఒక పరీక్ష ఉంది. ఆ మాట తీసేసి చరణాన్ని మామూలు మాటల్లో చెప్పండి. కథలో ఏమీ తగ్గకపోతే అది పూడిక. నేను ఆ ‘పాపం’ తీసేశాను. నిదరోతున్న పిల్లని చూసి పాపం అనాల్సింది చదివేవాళ్ళు, నేను కాదు. ఇక్కడ చూస్తున్నది ఎవరన్నది కూడా ముఖ్యం. నీళ్ళు తోడుతున్న పదేళ్ళ కుర్రాడు చూస్తున్నాడు. వాడికి శారదా చట్టం తెలియదు. ఇంత చప్పుడులో ఆ పిల్ల ఎలా నిదరపోతోందా అన్నదొక్కటే వాడి ఆశ్చర్యం. చట్టం సంగతి తండ్రి నోట ఒక్క పాదంలో వస్తుంది, అంతకు మించి చెబితే గేయం వ్యాసమైపోతుంది.

మళ్ళీ వర్తమానానికి, మళ్ళీ మూడు, నాలుగు.

నడుమ యేటను ఇంజనాపెను;
తెడ్డు నీటిని తాకు సవ్వడి
మామ్మ మాటలు ఆపి విన్నది
మరల, మరలా.

నడక మారిన చోట చదివేవాడు తడబడతాడేమోనని భయపడ్డాను. నలుగురికి చదివి వినిపించాను. పెళ్ళి నుంచి వెనక్కి వచ్చేటప్పుడు ఇద్దరు ఆగిపోయారు. అప్పుడు ఈ చరణాన్ని ముందుకు జరిపి, ‘ఇంజనాపెను’తో మొదలయ్యేలా పెట్టాను. బాజాలు ఆగడం, ఇంజను ఆగడం ఒకేసారి వినిపించింది, తడబాటు పోయింది. పద్యం కాగితం మీద సరిగ్గా ఉందో లేదో రాసినవాడి కళ్ళకి తెలియదు. చదివేవాడి గొంతు ఎక్కడ ఆగిందో అక్కడ గుర్తు పెట్టుకోవాలి, ఎందుకు ఆగిందని అడక్కూడదు. అడిగితే మర్యాదకి ఏదో చెబుతారు.

ఈ అయిదు చరణాల నిశ్శబ్దంలో వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకోవాలన్నది నన్ను ఎక్కువ రోజులు పట్టుకున్న ప్రశ్న. గుర్తుపట్టారా? ‘నువ్వేనా ఆ పిల్లవి’ అని ముసలివాడు అడిగే చరణం ఒకటి రాశాను. బాగానే ఉంది, కానీ అది రాయగానే పడవ సినిమా అయిపోయింది. కొట్టేశాను. ఆమె జీవితమంతా ఆ రేవులోనే పుట్టింటికీ మెట్టినింటికీ తిరిగింది, అతను ఆమెని వందలసార్లు దాటించాడు. గుర్తుపట్టడానికి కొత్తగా ఏముంది? ఇద్దరికీ తెలుసు. తెలిసినదాన్ని పల్లెటూళ్ళో పైకి అనరు. అందుకే అయిదు చరణాల్లో ఉన్నది తెడ్డు చప్పుడు, కదలని గుర్రపుడెక్క, దూరాన వంతెన మీద మామిడాకులు కడుతున్న మనుషులు, మామ్మ ఒక్కసారి చెయ్యి నీళ్ళలో ముంచి తియ్యడం.

అవతల లంగరేసిన పడవ తాడు మెల్లగా బిగుస్తుంది. పాటు మొదలైంది. గడియ అయిపోయింది. ముసలివాడు మళ్ళీ ఇంజను తిప్పుతాడు, ఒడ్డు చేరుతుంది.

ముగింపు నాకు ఏటి దగ్గర దొరకలేదు, రేవు దగ్గర దొరికింది. కోటిపల్లిలో దిగేటప్పుడు నేను నోటు ఇస్తే డబ్బులు తీసుకునే కుర్రాడి దగ్గర చిల్లర లేదు. “తిరుగు పంటులో ఇస్తానండీ” అన్నాడు, అలా అనడం అతనికి ఎంత అలవాటంటే నా మొహం కూడా చూడలేదు. రేవులో బాకీలన్నీ మళ్ళీ దాటే రోజుకే. నా పద్యంలో పడవ కూలి మూడు రూపాయలు పెట్టాను. మామ్మ అయిదు ఇస్తుంది. మొదటి ప్రతిలో ముసలివాడు ‘ఈరోజు వద్దులే అమ్మగారూ’ అని కూలి వదిలేశాడు. నాకు ఉదారంగా అనిపించింది, రెండు రోజులకి అబద్ధంగా అనిపించింది. అరవై ఏళ్ళు కూలి తీసుకున్న మనిషి ఆఖరి రోజు తీసుకోకపోతే అది దానమవుతుంది, అతని పని విలువ అతనే తగ్గించుకున్నట్టవుతుంది. తీసుకోవాలి. తీసుకుని చిల్లర వెతకాలి.

అంతా అలవాటైన పనే. పడవ అడుగున డబ్బా, నడుముకి కట్టిన గుడ్డసంచి, చొక్కా జేబు. ఇదే మనిషి ఇదే మామ్మకి ఇదే మాట కొన్ని వేలసార్లు అని ఉంటాడు. రేపటి పోటు ఏడున్నరకి నిలుస్తుందని, అప్పటికి ఈ మెట్ల మీద ఎవరూ ఉండరని అతనికి తెలుసు. నోటికి తెలియదు. వర్ణన భాగాల్లో ‘చూచెను, ఆపెను’ అన్న రాతభాష వాడి, ఈ ఒక్క మాటని వాడుకలో వదిలాను. ఏడు మాత్రలు.

మామ్మ కొంగున ముడిని విప్పెను;
ఐదు నోటుకు చిల్లరేదని
తాత పడవను వెదకి, వెదకీ,
“రేపు ఇస్తా.”